పాండోరా ఎత్తిన మూత

ఏడో తరగతి ఇంగ్లీషు వాచకంలో మాకు ఒక చిన్న కథ ఉండేది. దేవుడు పాండోరా అనే అందమైన అమ్మాయికి నగిషీ చెక్కిన పెట్టె ఇచ్చి, దీన్ని మాత్రం ఎప్పుడూ తెరవొద్దంటాడు. ఆమె ఉండబట్టలేక తెరుస్తుంది. రోగాలు, దుఃఖాలు, అసూయ, ముసలితనం అన్నీ పురుగుల్లా ఎగిరి లోకం మీద పడతాయి. భయపడి మూసేసరికి అడుగున ఒక్క ఆశ మాత్రం మిగులుతుంది. పాఠం చివర "ఈ కథ వల్ల ఏం తెలిసింది?" అనే ప్రశ్న. మా టీచరు బోర్డు మీద రాసిన జవాబు నాకింకా గుర్తుంది. ఆడవాళ్ళకి కుతూహలం ఎక్కువైతే ఇంటికి చేటు, అయినా ఆశ వదులుకోకూడదు. నలభై మందిమి దాన్ని నోట్సులోకి ఎక్కించుకున్నాం. వాళ్ళలో సగం మంది ఆడపిల్లలం.

చాలా ఏళ్ళ తర్వాత ఆ కథ మొదట దొరికే గ్రీకు కావ్యాన్ని అనువాదంలో చదివాను. తర్వాత ముఖ్యమైన పాదాల దగ్గర గ్రీకు మూలాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, మాట మాటా విడదీసుకుని చదివాను. అందులో పెట్టె లేదు. తెరవొద్దన్న ఆంక్ష లేదు. కుతూహలం అన్న మాట ఎక్కడా లేదు. మేం నోట్సులో రాసుకున్న నీతికి ఆధారమైన మూడూ తర్వాత వచ్చి చేరినవే. మరి అసలు కథలో ఏముంది, ఆమె ఆ మూత ఎందుకు తీసింది, లోపల మిగిలింది నిజంగా ఏమిటి? అప్పటినుంచీ ఈ ప్రశ్నలు నన్ను వదల్లేదు.

ఆ కవి పేరు హెసియోడ్. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంవాడు. గ్రీసులో బియోషియా అనే సీమలో, హెలికాన్ కొండ పాదాన అస్క్రా అనే ఊళ్ళో వ్యవసాయం చేసుకునేవాడు. తన ఊరి గురించి ఆయనే రాసుకున్నాడు. చలికాలంలో చెడ్డది, ఎండాకాలంలో కష్టం, ఎప్పుడూ బాగుండదు అని. ఆయనకి పెర్సెస్ అని ఒక తమ్ముడు. తండ్రి ఆస్తి పంచుకున్నాక పెర్సెస్ పెద్దలకు లంచాలిచ్చి ఎక్కువ భాగం కాజేశాడని, అదీ తినేసి మళ్ళీ అన్న గుమ్మం దగ్గరికి వచ్చాడని ఆ కావ్యం చదివితే అర్థమవుతుంది. 'పనులు, రోజులు' అనే ఆ కావ్యం మొత్తం ఈ తమ్ముడికి చెప్పిన మాటలే. దావాలు మాను, పని చెయ్యి, కృత్తికలు ఉదయించేటప్పుడు కోత మొదలుపెట్టు, అస్తమించేటప్పుడు దుక్కి దున్ను. ఈ వరసలో సాగుతుంది.

పాండోరా కథ ఈ పొలం తగాదా మధ్యలో వస్తుంది. దాన్ని మర్చిపోతే కథ చేతికి అందదు. హెసియోడ్ లోకంలోకి చెడు ఎలా వచ్చిందన్న తత్త్వప్రశ్నతో మొదలుపెట్టడు. మనం ఇంత కష్టపడి ఎందుకు పనిచేయాలి అన్న ప్రశ్నతో మొదలుపెడతాడు. ఆయన జవాబు ఇది: దేవతలు మనుషుల బతుకుతెరువును దాచేశారు. దాచకపోయి ఉంటే ఒక్కరోజు పనిచేసి ఏడాదంతా కూర్చుని తినొచ్చు. ఓడ చుక్కాని తీసి పొయ్యి పొగకి పైన వేలాడదీసి హాయిగా ఉండొచ్చు. ఎద్దులతో, కంచరగాడిదలతో పనే ఉండేది కాదు.

ఎందుకు దాచారంటే, మనుషుల పక్షం వహించే ప్రొమీథియస్ అనే దేవుడు దేవతల రాజు జ్యూస్‌ని మోసం చేశాడు కాబట్టి. హెసియోడ్ దీనికి ముందు రాసిన తన మొదటి కావ్యంలో ఈ ముక్క వివరంగా చెప్పాడు. దేవతలకూ మనుషులకూ పంపకం జరిగేటప్పుడు ప్రొమీథియస్ ఒక ఎద్దును కోసి రెండు వాటాలు వేశాడు. మంచి మాంసాన్ని చూడ్డానికి అసహ్యంగా ఉండే ఎద్దు కడుపుసంచిలో దాచాడు. ఉత్త ఎముకల్ని మెరిసే కొవ్వుతో చుట్టాడు. జ్యూస్ కొవ్వు వాటా ఎత్తుకున్నాడు, కోపంతో మనుషుల నుంచి నిప్పును దాచేశాడు. ప్రొమీథియస్ ఆ నిప్పును దొంగిలించి, సోంపు జాతికి చెందిన ఒక పెద్ద మొక్క కాడలో దాచి తెచ్చాడు. పైకి పచ్చని కాడ, లోపల బెండులో నిప్పు. అప్పుడు జ్యూస్ పగలబడి నవ్వి అన్నాడు: నిప్పుకి బదులుగా వాళ్ళకి ఒక కీడు ఇస్తాను, తమ కీడునే ప్రేమగా కౌగిలించుకుని అందరూ సంతోషిస్తారు.

ఆ కీడే మొదటి స్త్రీ. కుంటి దేవుడు హెఫేస్టస్ మట్టినీ నీళ్ళనూ కలిపి బొమ్మ చేశాడు. అథీనా నేతపని నేర్పింది, నడుముకి పట్టా కట్టింది. అఫ్రొడైటీ సొగసునూ, చూసినవాళ్ళని పీక్కుతినే కోరికనూ పోసింది. హెర్మీస్ లోపల కుక్కబుద్ధి పెట్టాడు, దొంగగుణం పెట్టాడు, గొంతు ఇచ్చాడు. దేవతలుండే ఒలింపస్ కొండ మీదివాళ్ళంతా ఏదో ఒకటి ఇచ్చారు కాబట్టి హెర్మీసే ఆమెకి పాండోరా అని పేరు పెట్టాడు. గ్రీకులో 'పాన్' అంటే సమస్తం, 'డోరాన్' అంటే కానుక.

వరసగా చూడండి. కడుపుసంచిలో మాంసం, కొవ్వులో ఎముకలు, కాడలో నిప్పు, అందమైన దేహంలో కుక్కబుద్ధి. పైన ఒకటి, లోపల ఇంకొకటి. జాన్-పియెర్ వెర్నాన్ అనే ఫ్రెంచి పండితుడు ఈ వరసను చూపించాడు. నాకు ఆయన చూపించిందాకా కనబడలేదు, కనబడ్డాక ఇక మరుగుపడలేదు. ఈ వరసలో ఆఖరుది ఆ పాత్ర.

దాని గురించి హెసియోడ్ రాసింది పట్టుమని పన్నెండు పాదాలు కూడా ఉండదు. ప్రొమీథియస్ తమ్ముడు ఎపిమీథియస్, జ్యూస్ నుంచి ఏ కానుకా పుచ్చుకోవద్దని అన్న చెప్పిన మాట మరిచిపోయి ఆమెను ఇంట్లోకి తెచ్చుకున్నాడు. తర్వాత మూలం దాదాపు ఇలా ఉంటుంది. మా వాచకం ఆశ అన్నదానికి మూలంలో ఉన్న మాట ఎల్పిస్, దాన్ని ప్రస్తుతానికి అలాగే ఉంచాను:

"అంతకుముందు భూమ్మీద మనుషుల జాతులు కీడు లేకుండా, కఠినమైన చాకిరీ లేకుండా, చావుని తెచ్చే రోగాలు లేకుండా బతికేవి. కానీ ఆ స్త్రీ చేతులతో పాత్ర పెద్ద మూత తీసి వెదజల్లింది, మనుషులకు దుఃఖాలు కల్పించింది. ఒక్క ఎల్పిస్ మాత్రం అక్కడే, పగలని ఇంట్లో, పాత్ర అంచు కింద ఉండిపోయింది. గుమ్మం దాటి ఎగిరిపోలేదు. అంతలోనే ఆమె మూత పెట్టేసింది, మబ్బుల్ని కూర్చే జ్యూస్ సంకల్పం ప్రకారం. మిగతా లెక్కలేనన్ని బాధలు మనుషుల మధ్య తిరుగుతున్నాయి. భూమి నిండా కీడే, సముద్రం నిండా కీడే."

అంతే. ఇక్కడ లేనివి ఏమిటో చూడండి. ఆ పాత్ర ఎక్కడిదో హెసియోడ్ చెప్పడు. పుట్టింటి సారెలా ఆమె వెంట వచ్చిందా, ఎపిమీథియస్ ఇంట్లో ముందునుంచే ఉందా తెలీదు. తెరవొద్దని ఎవరూ అనలేదు. ఆమెకి లోపల ఏముందో తెలుసా, తెలుసుకోవాలనిపించిందా, ఒక్క మాట లేదు. మూత మళ్ళీ పెట్టింది మాత్రం జ్యూస్ సంకల్పం వల్లేనని స్పష్టంగా ఉంది. ఇంకో సంగతి నన్ను చాలా కలచివేసింది. హెర్మీస్ ఆమెకి గొంతు ఇచ్చాడని, అబద్ధాలూ తియ్యని మాటలూ నేర్పాడని అన్నిసార్లు చెప్పిన కావ్యంలో పాండోరా ఒక్కసారి కూడా మాట్లాడదు. లోకంలో కీడంతటికీ కారణమైన మనిషి నోట ఒక్క వాక్యం లేదు.

ఇక పెట్టె సంగతి. హెసియోడ్ వాడిన మాట 'పిథోస్'. పిథోస్ అంటే ధాన్యం, నూనె, ద్రాక్షసారా నిలవ చేసుకునే పెద్ద మట్టిపాత్ర. ఒక్కోటి మనిషెత్తు ఉంటుంది, చాలాసార్లు సగం దాకా నేలలో పాతిపెడతారు. క్రీటు ద్వీపంలో నాసోస్ అనే చోట, హెసియోడ్ కన్నా ఎన్నో వందల ఏళ్ళ ముందు కట్టిన కొట్టుగదుల్లో, అలాంటివి వరసగా నిలబడి కనిపిస్తాయి. దాన్ని ఎవరూ చేతిలో పట్టుకుని తిరగలేరు. 1508లో ఎరాస్మస్ అనే మహాపండితుడు తన సామెతల సంపుటిలో ఈ కథ చెబుతూ లాటిన్‌లో 'పిక్సిస్' అని రాశాడు. పిక్సిస్ అంటే మూతున్న చిన్న భరిణె. బహుశా సైకీ అనే ఇంకో అమ్మాయి పాతాళం నుంచి భరిణె తెచ్చి దారిలో తెరిచిన కథ దీంతో కలిసిపోయి ఉంటుంది. ఆ కథలో ఆంక్ష ఉంది, ఉండబట్టలేకపోవడమూ ఉంది. ఎరాస్మస్ పుస్తకం యూరప్ అంతా చదివింది. అలా కాగు భరిణె అయింది, భరిణె పెట్టె అయింది, పెట్టె మా ఏడో తరగతి వాచకం దాకా వచ్చింది.

కాగు అన్న మాట అలవోకగా అనలేదు. పిథోస్‌కి తెలుగులో జాడీ అని రాస్తే ఆవకాయ గుర్తొస్తుంది, కుండ అంటే మరీ చిన్నది. అమ్మమ్మ వాళ్ళింట్లో వంటింటి పక్క చీకటిగదిలో రెండు కాగులు ఉండేవి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో కందులు. నాకు ఆరేడేళ్ళప్పుడు వాటి అంచు నా మెడదాకా వచ్చేది. మూత ఎత్తి లోపలికి తొంగిచూస్తే అమ్మమ్మ కేకేసేది, "మూత తీసి అలా వదిలెయ్యకే, పురుగు పడుతుంది" అని. రోజూ పొద్దున్నే ఆవిడే మూత తీసి, సోలతో కొలిచి, చేత్తో పైన చదును చేసి మూసేది. తాతయ్య ఆ గదిలోకి వెళ్ళడం నేను చూడలేదు. పొలం ఆయనది, కాగు ఆవిడది.

పిథోస్ అంటే ఏమిటో తెలిశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెయ్యి. మొదటి స్త్రీ కాగు మూత ఎందుకు తీసింది అన్న ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉంది. ధాన్యం కాగు మూత తీసేది ఇల్లాలే కాబట్టి తీసింది. అది ఆమె పని. అందులో కుతూహలం వెతకాల్సిన అవసరం హెసియోడ్ వినేవాళ్ళెవరికీ కలిగి ఉండదు. రోజూ తమ ఇళ్ళలో చూసే పనినే ఆయన లోకం పుట్టుకలోకి తీసుకెళ్ళాడు, దానికి నేరం రంగు పూశాడు.

ఆ నేరం కూడా కుతూహలం కన్నా వేరు. హెసియోడ్‌కి స్త్రీ మీదున్న ఫిర్యాదు ఆమె తింటుందని. తన మొదటి కావ్యంలో ఈ మొదటి స్త్రీకి పేరు లేదు, కాగూ లేదు. అక్కడ ఆమెను 'అందమైన కీడు' అంటాడు, వెంటనే తేనెపట్టు పోలిక తెస్తాడు. ఆడ తేనెటీగలు పొద్దంతా కష్టపడి మైనం కడుతుంటే, పోతుటీగలు పట్టు లోపలే కూర్చుని వాళ్ళ కష్టాన్ని తమ కడుపులో వేసుకుంటాయట. స్త్రీలు ఆ పోతుటీగల్లాంటివాళ్ళట. తేనెపట్టులో కష్టపడేవి ఆడవి, కూర్చుని తినేవి మగవి. గ్రీకు భాషలోనూ ఆ రెండు మాటలకీ అవే లింగాలు. పోలిక కోసం ఆయన ఆ రెండిటినీ తారుమారు చేసుకోవాల్సొచ్చింది. రెండో కావ్యంలో ఇంకా సూటిగా అంటాడు: పిరుదులు తిప్పుకుంటూ తీపి మాటలు చెప్పే ఆడది నీ మనసు మాయ చేయనివ్వకు, ఆమె చూపు నీ గాదె మీద. కావ్యంలో ఇది వచ్చేది పొదుపు గురించి చెప్పే మాటల పక్కనే. అక్కడే కాగు గురించి కూడా ఒక సలహా ఉంది. కాగు మొదలుపెట్టినప్పుడూ చివరికొచ్చినప్పుడూ కడుపునిండా తిను, మధ్యలో పొదుపు చెయ్యి, అడుగంటాక చేసే పొదుపు పిసినారితనం. వాడిన మాట పిథోసే.

కాబట్టి పాండోరా కథలో కాగు మూత తెరుచుకోవడం అంటే, మగవాడు ఒక్కడే ఉన్నప్పుడు అక్కర్లేని నిలవ, కొలత, పంపకం, తిండికి ఇంకొక నోరు లోకంలోకి రావడం. ముందు ఒక్కరోజు పనితో ఏడాది గడిచేది, దాచుకోవాల్సిన పనే లేదు. ఇప్పుడు ఏడాదంతా పనిచేసి దాచుకుంటే, అది ఇంట్లో నుంచి కొంచెం కొంచెం బయటికి పోతూ ఉంటుంది. హెసియోడ్ బాధ నాకు అర్థమవుతుంది. రాళ్ళ పొలం, ఆస్తి తగాదా, అడుగంటే కాగు. ఆ బాధలో అబద్ధం లేదు. ఎవరి మీద నెట్టాడన్నదే నేను ఒప్పుకోలేనిది.

ఎందుకంటే ఆయన కావ్యమే ఆయనకి ఎదురు సాక్ష్యం చెబుతుంది. వ్యవసాయం మొదలుపెట్టేవాడికి ముందు ఏం కావాలో చెబుతూ, ముందు ఒక ఇల్లు, ఒక స్త్రీ, దున్నడానికి ఒక ఎద్దు సంపాదించుకో అంటాడు. మరుసటి పాదంలోనే, పెళ్ళిచేసుకున్నది కాదు, కొనుక్కున్నది, ఎద్దుల వెనకాల నడవడానికి అని వివరిస్తాడు. అంటే ఆ పొలంలో ఆడది ఎండలో ఎద్దుల వెంట నడుస్తోంది. పాండోరాకి అథీనా నేర్పిన మొదటి విద్య నేతపని. హెసియోడ్ తమ్ముడికి చలికాలంలో వేసుకోమని చెప్పే మెత్తని ఉన్ని అంగీ ఎవరో నేస్తేనే కదా వచ్చేది. నూలు వడికే చెయ్యి, తిరగలి విసిరే చెయ్యి, కొలిచి పొయ్యి మీద పెట్టే చెయ్యి కథలో కనబడదు. మూత తీసే చెయ్యి మాత్రం కనబడుతుంది.

ఇప్పుడు లోపల మిగిలిన ఎల్పిస్ దగ్గరికి వస్తాను. పండితులు రెండు వేల ఏళ్ళకి పైగా కొట్టుకుంటున్నది దీని దగ్గరే. చిక్కు ఇది. కాగులోంచి బయటికొచ్చినవి బయటికొచ్చాయి కాబట్టే మనల్ని బాధిస్తున్నాయి. ఆశ బయటికి రాలేదు. అంటే మనకి ఆశ లేనట్టా? లేక కాగులో ఉండిపోయింది కాబట్టి మనకోసం భద్రంగా ఉన్నట్టా? కాగు జైలయితే మొదటిది నిజం, కాగు కొట్టుగది అయితే రెండోది నిజం. ఒకే పాత్ర ఒకే క్షణంలో కీడుకి జైలూ ఆశకి కొట్టుగదీ ఎలా అవుతుంది? మూడో అనుమానం కూడా ఉంది. కీడు నింపిన కాగులో ఆశని ఎందుకు పెట్టారు? అదీ ఒక కీడేనేమో.

గ్రీకులకే ఈ చిక్కు ఇబ్బందిగా ఉన్నట్టుంది. తర్వాతి కాలంలో బాబ్రియస్ అనే కథకుడు దాన్ని తిరగేశాడు. ఆయన చెప్పిన దాంట్లో జ్యూస్ కాగు నిండా మంచివన్నీ వేసి మనిషికి ఇస్తాడు. మనిషి మూత తీస్తే అవన్నీ దేవతల దగ్గరికి ఎగిరిపోతాయి, ఆశ ఒక్కటే మిగులుతుంది. కథ ఎంత చక్కగా అతికిపోయిందో చూడండి. అందులో మూత తీసింది ఆడది కూడా కాదు, 'మనిషి' అన్న మామూలు మాటే ఉంది. కథ కుదరాలంటే కాగులో సరుకు మార్చాలి, చెయ్యీ మార్చాలి. హెసియోడ్ కుదరనిచ్చే రకం కాదు.

నాకు దారి చూపింది ఎల్పిస్ అన్న మాటే. ఇంగ్లీషు వాచకంలో దాన్ని ఆశ అని తేలిగ్గా అనేశారు. గ్రీకులో ఆ మాటకి జరగబోయేదాని గురించిన అంచనా, ఎదురుచూపు అని అర్థం. ఆ జరగబోయేది మంచిదే కానక్కర్లేదు. ప్లేటో ఒకచోట ఎల్పిస్ అన్నది రేపటి గురించిన అభిప్రాయాలన్నిటికీ ఉమ్మడి పేరని, అందులో బాధ వస్తుందనుకునేది భయమని, దానికి ఎదురుది ధైర్యమని విడదీస్తాడు. అంటే ఒకే మాటలో భయమూ ఉంది, నమ్మకమూ ఉంది.

ఈ విషయంలో మన 'ఆశ' కూడా నిజాయితీ ఉన్న మాటే. పంట చేతికొస్తుందన్న ఆశతో బతికామంటాం. వాడికి పొలం మీద ఆశ పుట్టిందంటే ఆ మాటలోనే దురుద్దేశం వినిపిస్తుంది. ఆశపడి మోసపోయాం అంటాం. అత్యాశ, పేరాశ, దురాశ, నిరాశ అన్నీ ఆ ఒక్క వేరు నుంచే. ఎల్పిస్‌కి తెలుగు మాట వెతికేటప్పుడు నేను చాలాసేపు 'ఆశ' దగ్గరే ఆగాను. ఒక్క భయం పాలు మాత్రం దీంట్లో తక్కువ. అందుకే ఎదురుచూపు అంటే ఇంకాస్త దగ్గరగా ఉంటుందనిపిస్తుంది.

హెసియోడ్ ఇదే కావ్యంలో ఎల్పిస్ గురించి మళ్ళీ మాట్లాడతాడు. చలికాలంలో ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గరా, జనం పోగై కబుర్లాడే వెచ్చని చావడిలోనూ కూర్చోకుండా దాటిపొమ్మంటాడు. తిండికి లేకపోయినా ఖాళీ ఎల్పిస్‌ని నమ్ముకుని కూర్చునే సోమరి మనసులో చెడు ఆలోచనలే పోగవుతాయట. లేమిలో ఉండి చావడిలో కూర్చున్నవాడికి తోడొచ్చే ఎల్పిస్ మంచిది కాదంటాడు. ఖాళీ ఎల్పిస్ ఉందంటే నిండు ఎల్పిస్ కూడా ఉండాలి. మంచిది కానిది అన్నాడంటే మంచిదీ ఉంటుందన్నమాట. ఈ తేడాకి ఆయన పెట్టిన కొలత ఏమిటి? ఇంట్లో తిండిగింజలు ఉన్నాయా లేవా, అదే.

ఇక్కడ నాకు అమ్మమ్మ సోల చప్పుడు గుర్తొస్తుంది. బియ్యం ఎక్కువున్నప్పుడు సోల మెత్తగా దిగేది, శబ్దం ఉండేది కాదు. కాగు అడుగుకొచ్చినప్పుడు మట్టిని గీరుకుని ఒక చప్పుడు వచ్చేది. అది విన్నాక ఆవిడ ఒక్క క్షణం ఆగి, మనసులో లెక్క వేసుకునేది. కోతలకి ఇంకా ఇన్ని రోజులు, ఇంట్లో ఇంతమంది. ఆ లెక్కలో భయమూ ఉంది, ధైర్యమూ ఉంది. ఎల్పిస్‌ని అంతకన్నా బాగా నాకు ఎవరూ చూపించలేదు.

కాబట్టి నేననుకునేది ఇది. కాగు మూత తెరుచుకోక ముందు ఎల్పిస్ అన్నదానికి అర్థమే లేదు. ఒక్కరోజు పనికి ఏడాది తిండి, రోగం లేదు, చాకిరీ లేదు. అలాంటివాడు దేనికోసం ఎదురుచూస్తాడు, దేనికి భయపడతాడు? రేపు ఏమవుతుందో తెలియనప్పుడే అంచనా పుడుతుంది. హెసియోడ్ ఆ మాటల తర్వాత వెంటనే రోగాల గురించి చెప్పింది చూడండి. కొన్ని పగలు, కొన్ని రాత్రి, వాటంతట అవే మనుషుల దగ్గరికి వస్తాయి, నిశ్శబ్దంగా, ఎందుకంటే జ్యూస్ వాటి గొంతు తీసేశాడు. కీడుకి గొంతు లేదు కాబట్టి అది వచ్చేదాకా తెలియదు. తెలియదు కాబట్టి మనిషికి మిగిలింది ఎదురుచూపే. పాండోరాకి గొంతు ఇచ్చారు, రోగాలకి తీసేశారు. ఆ రెండిటి మధ్య ఎల్పిస్ ఉండిపోయింది.

అది లోపలే ఎందుకు ఉండిపోయింది? గ్రీకు మాటల్ని చూస్తే కాగుని హెసియోడ్ ఇక్కడ 'పగలని ఇల్లు' అంటాడు, ఎల్పిస్ 'గుమ్మం' దాటలేదంటాడు. కాగు ఇల్లైపోయింది. బాధలు ఊరి మీదా సముద్రం మీదా తిరుగుతాయి, ఎల్పిస్ ఇంట్లో ఉంటుంది. బయట తిరిగేవాటి పని బయట, ఇంట్లో నిలవున్నదాని పని ఇంట్లో. కాగులో పెట్టుకున్న గింజ మనకి లేదని ఎవరూ అనరు కదా. దాన్ని దాచుకున్నాం కాబట్టే ఉంది. ఎల్పిస్ కూడా అలాగే, ఇంటి కొట్టుగదిలో, కొలతకి అందేలా ఉంది. దాని మీద ఆధారపడి పొలానికి వెళ్ళేవాడికి అది మంచిది. దాన్ని నమ్ముకుని చావడిలో కూర్చునేవాడికి చెడ్డది. కీడా, మేలా అని విడదీయమంటే హెసియోడ్ విడదీయడు. పాండోరాను 'అందమైన కీడు' అన్నవాడు ఆమె కాగులో మిగిలినదాన్ని మాత్రం ఒకే రంగులో ఎందుకు పెడతాడు?

నా చదువుకి అడ్డుపడే మాట ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఎల్పిస్ ఉండిపోయిందని చెప్పాక 'మిగతా లెక్కలేనన్ని బాధలు' అంటాడు. మిగతా బాధలు అంటే ఎల్పిస్ కూడా ఒక బాధేనని అర్థం లాగొచ్చు. జర్మన్ తత్త్వవేత్త నీషే ఈ వైపుకే వెళ్ళాడు. ఆశ అన్ని కీడుల్లోకీ పెద్ద కీడని, మనిషి యాతనను అదే పొడిగిస్తుందని. గ్రీకులో ఆ మాటకి 'దాంతోపాటు, అది కాక' అనే అర్థం కూడా ఉంది, కాబట్టి ఇటూ లాగొచ్చు. ఇంకో వివరం నా పక్కన నిలుస్తుంది. ఆమె మూత తీసి 'వెదజల్లింది' అన్న చోట ఏమిటి వెదజల్లిందో మూలంలో లేదు. ఆ క్రియకి కర్మ లేదు. కాగు నిండా కీడే ఉందన్నది మనం తర్వాతి పాదాల నుంచి వెనక్కి తెచ్చుకుని నింపుకున్నదే. విత్తనాలు చల్లడానికీ, గింజలు పారబోసుకోవడానికీ కూడా చెల్లే మాట అది.

పాండోరాకి ఇంకో ముఖం ఉండేదని కూడా చెప్పాలి, ఎందుకంటే హెసియోడ్ దాన్ని పూర్తిగా చెరపలేకపోయాడు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 460 ప్రాంతానికి చెందిన తెల్లని పూత పాత్ర ఒకటి ఉంది. దాని మీద హెఫేస్టస్ ఒకవైపు, అథీనా ఒకవైపు నిలబడి మధ్యలో కొత్తగా తయారైన అమ్మాయిని అలంకరిస్తున్నారు. ఆమె పక్కన రాసిన పేరు పాండోరా కాదు, అనేసిడోరా. కింద నుంచి కానుకల్ని పైకి పంపేది అని దానర్థం. నేల అడుగు నుంచి మొలకల్ని పంపే భూదేవికి సరిపోయే పేరు. పాండోరా అన్న పేరు కూడా భూమికి వాడుకలో ఉండేది, అన్నీ ఇచ్చేది అనే అర్థంలో. ఆక్స్‌ఫర్డ్‌లోని ఇంకో పాత్ర మీద పాండోరా నేలలోంచి నడుము దాకా పైకి లేస్తూ రెండు చేతులూ చాచి ఉంటుంది, ఎపిమీథియస్ చేతిలో సుత్తి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటాడు. ఈ రెండు బొమ్మల్లోనూ కాగు లేదు. అందరూ ఆమెకి ఇచ్చారు అని హెసియోడ్ పేరుకి చెప్పిన అర్థం, ఆమె అందరికీ ఇచ్చేది అన్న పాత అర్థాన్ని తలకిందులు చేసి రాసింది కావచ్చని చాలామంది పండితులు అంటారు. నాకూ అలాగే తోస్తుంది. ఇచ్చే చేతిని పుచ్చుకునే చేతిగా మార్చాక, కాగులోంచి తీసి పెట్టే చెయ్యి కాగుని పారబోసే చెయ్యి అవడానికి ఎంతోసేపు పట్టదు.

కావ్యం చివర్లో హెసియోడ్ నెలలో ఏ రోజు ఏ పనికి మంచిదో చెబుతాడు. మన పంచాంగంలో తిథులు చూసినట్టే ఉంటుంది ఆ భాగం. దాదాపు ఆఖరున ఒక పాదం ఉంది: కాగు తెరవడానికి నెలలో ఇరవై ఏడో రోజు అన్నిటికన్నా మంచిదని కొద్దిమందికే తెలుసు. ఎద్దుల మెడ మీద కాడి వేయడానికీ, ఓడని సముద్రంలోకి లాగడానికీ కూడా అదే రోజట. తెరిచేది ఎవరి చెయ్యో అక్కడ చెప్పలేదు.